ఏఐ వీడియోలో వంకర వేళ్లు, చెదిరిన అక్షరాలు: నెగటివ్ ప్రాంప్ట్ ఎంతవరకు ఆదుకుంటుంది?

ఛత్తీస్‌గఢ్‌లో ధమ్తరి జిల్లా నగరి ప్రాంతంలో పండే దుబ్‌రాజ్ సువాసన గల బియ్యం. దీనికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ బియ్యాన్ని కిలో ప్యాకెట్లలో అమ్మే రాయ్‌పూర్ వ్యాపారి ఒకరు ఏఐతో ఐదు సెకన్ల ప్రకటన చేయించుకున్నారనుకుందాం. బల్ల మీద ప్యాకెట్, పక్కనే స్టీలు గిన్నె, అందులోంచి బియ్యాన్ని గుప్పిటితో ఎత్తి వదిలే చెయ్యి. ఫోన్‌లో మొదటిసారి చూస్తే అంతా బాగానే ఉంటుంది. రెండోసారి చూస్తే గుప్పిట తెరుచుకునే చోట ఆరో వేలు కనిపిస్తుంది. ప్యాకెట్ మీద నాగరి లిపిలో ఉండాల్సిన పేరు అక్షరాల్లా కనిపించే గీతలుగా మారి ఉంటుంది. మూలన ఉన్న లోగో గాలికి దీపంలా మినుకుమినుకుమంటుంది.

ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసే పని నెగటివ్ ప్రాంప్ట్ పెట్టెలో ఎక్కడో దొరికిన పొడవాటి జాబితాను అతికించడం. అది కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు ఏమీ చేయదు, కొన్నిసార్లు ఉన్నదాన్ని పాడు చేస్తుంది. ఈ మూడు లోపాలూ చూడటానికి ఒకే రకంగా ఉన్నా వాటి మూలాలు వేరు. వేళ్ల విషయంలో నెగటివ్ ప్రాంప్ట్ కొంత సాయపడుతుంది. అక్షరాలు, లోగోల విషయంలో దాదాపు సాయపడదు. వాటిని ఏఐ చేత గీయించకపోవడమే పరిష్కారం. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో చూడాలి.

నెగటివ్ ప్రాంప్ట్ అంటే ఆజ్ఞ కాదు

నేటి వీడియో మోడళ్లలో ఎక్కువ భాగం చుక్కల గందరగోళం నుంచి మొదలుపెట్టి, దాన్ని మెట్టుమెట్టుగా శుభ్రం చేస్తూ బొమ్మను తేలుస్తాయి. ప్రతి మెట్టులోనూ మోడల్ రెండు అంచనాలు వేస్తుంది. ఒకటి మనం కోరిన వర్ణనకు, రెండోది ఖాళీ వర్ణనకు. ఈ రెండింటి మధ్య తేడాను కొన్ని రెట్లు పెంచి, కోరిన వైపు బొమ్మను నెడుతుంది. జొనాథన్ హో, టిమ్ సాలిమన్స్ ప్రతిపాదించిన ఈ పద్ధతిని 'క్లాసిఫయర్ ఫ్రీ గైడెన్స్' అంటారు. ఖాళీ వర్ణన ఉండాల్సిన చోట మనకు వద్దనుకున్న మాటలు పెడితే అదే నెగటివ్ ప్రాంప్ట్. లెక్క ఇంతే:

```
result = neg + s * (pos - neg)
```

ఇక్కడ `s` అనేది నెట్టే బలం. చాలా సాధనాల్లో దాని పేరు `cfg` లేదా `guidance scale`. అలీబాబా 2025 ఫిబ్రవరిలో ఎవరైనా దింపుకుని వాడుకునేలా విడుదల చేసిన వాన్ 2.1 మోడల్‌లో ఇది మామూలుగా 5 ఉంటుంది. అంటే నెగటివ్ ప్రాంప్ట్ అనేది 'ఆరో వేలు గీయవద్దు' అని మోడల్‌కు చెప్పే ఆజ్ఞ కాదు. 'ఆరు వేళ్ల చెయ్యి' అనే వర్ణనకు మోడల్ ఊహించే బొమ్మ ఎటు ఉందో చూసి, దానికి దూరంగా జరగడం. వద్దన్న దాన్ని మోడల్ ఎంత బాగా ఊహించగలిగితే అంత బాగా దూరం జరగగలదు.

పై లెక్కలో `s` విలువ 1 అయితే ఏమవుతుందో చూడండి. ఒక `neg` కలుస్తుంది, ఒక `neg` పోతుంది, మిగిలేది `pos` మాత్రమే. ఆ పెట్టెలో ఎంత రాసినా ఫలితం మీద దాని ప్రభావం సున్నా. ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సంగతి కాదు. వీడియోను నాలుగైదు మెట్లలోనే ముగించే వేగవంతమైన రూపాలను సాధారణంగా `cfg` 1 తోనే నడుపుతారు. తక్కువ ఖర్చులో పని కావాలనుకునే చిన్న స్టూడియోలు వాడేవి ఎక్కువగా ఇవే. అక్కడ నెగటివ్ జాబితా పెట్టెలో కనిపిస్తుంది కానీ మోడల్‌కు చేరదు.

దీన్ని కనిపెట్టడం సులువు. `seed` అంకెను మార్చకుండా, ఒకసారి నెగటివ్ ప్రాంప్ట్‌తో, ఒకసారి అది లేకుండా వీడియో చేయాలి. రెండూ ఒకేలా వస్తే ఆ పెట్టె పనిచేయడం లేదని అర్థం. అప్పుడు `cfg` పెంచగలిగే పూర్తి రూపానికి మారాలి, లేదంటే జాబితా మీద ఆశ వదులుకోవాలి.

'వద్దు' అని రాస్తే వచ్చే తంటా

అన్ని సేవల్లోనూ ఈ పెట్టె ఉండదు. గూగుల్ వియోలోనూ క్లింగ్‌లోనూ దీనికి వేరే చోటు ఉంది. రన్‌వే తన జెన్-3, జెన్-4 మోడళ్ల మార్గదర్శకాల్లో వద్దన్న మాటలను ప్రాంప్ట్‌లో రాయవద్దని, అలా రాస్తే అదే ప్రత్యక్షమయ్యే అవకాశం ఉందని చెబుతుంది. ప్రధాన ప్రాంప్ట్‌లో 'కెమెరా కదలకూడదు' అని రాస్తే మోడల్‌కు బలంగా అందే మాటలు 'కెమెరా', 'కదలిక'. కాబట్టి కావలసిన దాన్నే చెప్పాలి: కెమెరా స్టాండు మీద స్థిరంగా ఉంది.

వేరే పెట్టె ఉన్నచోట కూడా ఇదే సూత్రం తిరగబడి వర్తిస్తుంది. అక్కడ 'నో', 'డోంట్' లాంటి మాటలు పెట్టకూడదని, వద్దనుకున్న వస్తువు పేరు మాత్రమే రాయాలని గూగుల్ సూచన. పెట్టెకే వ్యతిరేకార్థం ఉంది. అందులో మళ్లీ 'వద్దు' చేర్చడం అనవసరం.

అరువు జాబితాతో ఇంకో చిక్కుంది. వాన్ 2.1తో పాటు చైనీస్ భాషలో ఒక నెగటివ్ ప్రాంప్ట్ ముందే వస్తుంది. అదనపు వేళ్లు, అతుక్కున్న వేళ్లు, మూడు కాళ్లు, వెనక్కి నడవడం వంటివి అందులో ఉన్నాయి. వాటితో పాటు 'నిశ్చలం', 'కదలని దృశ్యం' అనే మాటలూ ఉన్నాయి. మనుషులు బొమ్మల్లా నిలబడిపోకుండా ఉండటానికి అవి పనికొస్తాయి. కానీ మన బియ్యం ప్యాకెట్ కదలకుండా నిలబడాలి. ఆ జాబితాను యథాతథంగా వాడితే, మనం కోరుకున్న నిశ్చలత్వానికే మోడల్‌ను దూరంగా నెడుతున్నట్టు. ప్యాకెట్ ఊగడానికీ, అంచులు కదలడానికీ ఆ మాటలు కారణం కావచ్చు. వస్తువు ప్రధానంగా ఉన్న దృశ్యంలో వాటిని తీసేయాలి. 'అక్షరాలు', 'లోగో' అనే మాటలను చేర్చినా ఇలాగే జరుగుతుంది. చెదిరిన అక్షరాలు బాగుపడవు, ప్యాకెట్ మీద అక్షరాలనేవే మాయమవడం మొదలవుతుంది.

అందుకే జాబితా చిన్నదిగా ఉండాలి, ఈ దృశ్యంలో నిజంగా కనిపించిన లోపాలకే పరిమితం కావాలి. మన ఉదాహరణకు ఇది చాలు:

```
deformed hand, extra fingers, fused fingers, morphing, camera shake
```

చెయ్యి: పని తగ్గిస్తే తప్పు తగ్గుతుంది

మోడల్ చేతిని ఎముకలూ కీళ్లూ ఉన్న అవయవంగా ఎరగదు. లక్షల దృశ్యాల్లో చేతులు ఎలా కనిపించాయో ఎరుగును. ఆ దృశ్యాల్లో వేళ్లు ముడుచుకుని ఉంటాయి, ఒకదాని వెనుక ఒకటి దాగుతాయి, ఏదో వస్తువును పట్టుకుని ఉంటాయి. నాలుగు వేళ్లు కనిపించే చెయ్యీ, రెండు వేళ్లు కనిపించే చెయ్యీ రెండూ సహజమే. కాబట్టి ఒక్కో ఫ్రేమ్ విడిగా చూస్తే నమ్మేలా ఉన్నా, గుప్పిటలో దాగిన వేళ్లు బయటికొచ్చే క్షణంలో ఎన్ని రావాలో మోడల్ కొత్తగా తేల్చుకోవాల్సి వస్తుంది. తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే.

నెగటివ్ ప్రాంప్ట్ ఇక్కడ కొంతమేరకు పనికొస్తుంది, ఎందుకంటే 'వంకర చెయ్యి' అనే ఊహ మోడల్‌కు ఉంది. కానీ అంతకంటే పెద్ద మార్పు వచ్చేది దృశ్యాన్ని మార్చినప్పుడు. గుప్పిట మూసి తెరిచే బదులు, అరచెయ్యి పైకి ఉండి వేళ్ల సందుల్లోంచి గింజలు జారిపోతే ఏ వేలూ పూర్తిగా దాగదు. చెయ్యి ఫ్రేమ్‌లో పెద్దగా ఉంటే ఒక్కో వేలికి ఎక్కువ చోటు దొరుకుతుంది. ఒక చెయ్యే ఉంటే రెండు చేతుల వేళ్లు కలిసిపోయే ప్రమాదం ఉండదు.

రెండో ఉపాయం, మాటలతో మొదలుపెట్టకుండా ఫొటోతో మొదలుపెట్టడం. ఐదు వేళ్లూ స్పష్టంగా ఉన్న నిజమైన చేతి ఫొటోను మొదటి ఫ్రేమ్‌గా ఇస్తే మోడల్‌కు ఒక ఆధారం ఉంటుంది. కొన్ని మోడళ్లు మొదటి ఫ్రేమ్‌తో పాటు చివరి ఫ్రేమ్‌నూ తీసుకుంటాయి. అప్పుడు చెయ్యి రెండు వైపులా కట్టేసినట్టు ఉంటుంది, మధ్యలో దారి తప్పడానికి వ్యవధి తక్కువ.

మూడోది అన్నిటికంటే చవకైనది. ఐదు సెకన్ల వీడియోలో చెయ్యి మూడో సెకనులో చెడితే, మొదటి రెండున్నర సెకన్లు మాత్రమే వాడుకుని వేరే దృశ్యానికి మారిపోవచ్చు. ప్రకటనల్లో చాలా ముక్కలు ఎలాగూ చిన్నవిగానే ఉంటాయి.

ప్యాకెట్ అక్షరాలు: లెక్క చూస్తే తెలిసిపోతుంది

అక్షరాల సంగతి వేరు. 'చెదిరిన అక్షరాలు' అని నెగటివ్‌లో రాస్తే మోడల్ దేనికో దూరంగా జరుగుతుంది. కానీ సరైన అక్షరాలు ఏవో, ఏ వరుసలో ఉండాలో ఆ మాటల్లో లేదు. వేలి సంఖ్య తప్పితే సరైన సమాధానం ఒకటే ఉంది, మోడల్ దాన్ని చాలాసార్లు చూసింది. రాయ్‌పూర్‌లోని ఒక చిన్న కొట్టు లేబుల్‌ను అది ఎన్నడూ చూడలేదు.

దీనికి తోడు ఒక కొలత సమస్య ఉంది. వాన్ 2.1 వంటి మోడళ్లు నేరుగా పిక్సెళ్ల మీద పనిచేయవు. ముందు వీడియోను కుదిస్తాయి. నిలువునా అడ్డంగా ఎనిమిదేసి పిక్సెళ్ల చదరం ఒక గడిగా మారుతుంది. కాలంలోనూ మొదటి ఫ్రేమ్ తర్వాత నాలుగేసి ఫ్రేములు ఒక కట్టగా చేరతాయి. సెకనుకు 16 ఫ్రేముల చొప్పున 81 ఫ్రేముల ఐదు సెకన్ల వీడియో ఇలా 21 కట్టలవుతుంది.

మన ప్యాకెట్ ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకుందాం. 832×480 పిక్సెళ్ల వీడియోలో అది సగం ఎత్తు, అంటే 240 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. సెంటీమీటరుకు 8 పిక్సెళ్లు, అంటే సరిగ్గా ఒక గడి. మూడు సెంటీమీటర్ల ఎత్తున్న బ్రాండ్ పేరుకు మూడు గడులే దక్కుతాయి. నాలుగు మిల్లీమీటర్ల అక్షరాలతో ముద్రించిన వివరాలకు అరగడి కూడా రాదు. అక్షరం ఒక గడి కంటే చిన్నదైతే దాని ఆకారాన్ని మోసుకెళ్లడానికి చోటే లేదు. తెర మీద కనిపించేది అక్షరాల్ని పోలిన అల్లిక మాత్రమే.

భారతీయ లిపులకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. నాగరిలో 'దు' అక్షరం కింది కొమ్ము పోతే అది 'ద' అవుతుంది, దుబ్‌రాజ్ పేరు మొదటి అక్షరంలోనే మారిపోతుంది. తెలుగులో వత్తు తల అక్షరంలో మూడో వంతు ఉంటుందనుకుంటే, మూడు గడుల అక్షరానికి వత్తు ఒకే గడి. 'అన్నం'లో నకార వత్తు ఎగిరిపోతే మిగిలేది మాట కాదు. వాన్ 2.1 వీడియోలో అక్షరాలు రాయగలదని దాని తయారీదారులు చెప్పింది చైనీస్, ఇంగ్లిష్ గురించి.

అసలు ప్యాకెట్ ఫొటోను మొదటి ఫ్రేమ్‌గా ఇస్తే పేరు బాగానే వస్తుంది కదా అనిపిస్తుంది. పెద్ద అక్షరాలకు కొంతవరకు నిజమే. కానీ ఆ ఫొటో కూడా అదే కుదింపు గుండా వెళ్లాలి, తర్వాతి ఫ్రేములను మోడల్ తానే గీయాలి. చిన్న అక్షరాలు మొదటి ఫ్రేములోనే మసకబారతాయి, ఆ తర్వాత మెల్లగా కరిగిపోతాయి.

లోగో మినుకుమనడం: ముందు రకం తేల్చుకోవాలి

లోగో మినుకుమనడంలో రెండు రకాలున్నాయి. మొత్తం ఫ్రేమ్ వెలుగు హెచ్చుతగ్గులవడం ఒకటి. ఇది `ffmpeg` లోని `deflicker` ఫిల్టర్‌తో చాలావరకు సర్దుకుంటుంది. రెండోది వెలుగు స్థిరంగానే ఉండి లోగో ఆకారమే ఫ్రేమ్‌కో రకంగా మారడం. అక్షరాలకున్న జబ్బే ఇది, కాలంలో కనిపిస్తుందంతే. దీనికి `deflicker` మందు కాదు.

కంటితో తేల్చుకోలేకపోతే లోగో ఉన్న భాగాన్ని మాత్రం కత్తిరించి, పక్కపక్క ఫ్రేముల తేడాను చూడవచ్చు. నాలుగు అంకెలు వరుసగా వెడల్పు, ఎత్తు, ఎడమ నుంచి దూరం, పై నుంచి దూరం:

```
ffmpeg -i clip.mp4 -vf "crop=160:120:300:140,format=gbrp,tblend=all_mode=difference,format=yuv420p" diff.mp4
```

కెమెరా, ప్యాకెట్ రెండూ కదలని దృశ్యంలో ఈ వీడియో దాదాపు నల్లగా ఉండాలి. ముక్కంతా ఒకేసారి బూడిద రంగులో మెరిస్తే వెలుగు తేడా. లోగో అంచుల వెంట గీతలు మెరిస్తే ఆకారం మారుతోంది. రెండో సందర్భంలో ప్రాంప్ట్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నించి డబ్బు ఖర్చు చేయడం దండగ.

అతికించడమే మేలు

అక్షరాలకు, లోగోకు పరిష్కారం ఒకటే. ఏఐ గీసిన లేబుల్‌ను పక్కనపెట్టి, అసలు లేబుల్‌ను దాని మీద అతికించాలి. ఎంత సులువుగా అతుకుతుందో దృశ్యాన్ని ఎలా కట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్యాకెట్ కదలకుండా, చెయ్యి దాని ముందుకు రాకుండా చూసుకుంటే పని చిటికెలో అయిపోతుంది. రాయ్‌పూర్ ప్యాకెట్‌కు ఈ దారి ఇలా ఉంటుంది.

మొదట అసలు ప్యాకెట్‌నూ గిన్నెనూ చేతినీ బల్ల మీద పెట్టి ఫోన్‌తో అడ్డంగా ఒక ఫొటో తీయాలి. ప్యాకెట్ ఎడమవైపు, గిన్నె కుడివైపు. దాన్నే మొదటి ఫ్రేమ్‌గా ఇచ్చి, 1280×720 కొలతలో, పూర్తి మోడల్‌తో ఈ వర్ణన ఇవ్వాలి:

```
Locked-off tabletop shot. A sealed rice packet stands still on the left. On the right, one open hand lifts raw rice from a steel bowl and lets the grains fall back slowly. The hand stays to the right of the packet.
```

నాలుగైదు `seed` లతో చేసి, చెయ్యి బాగున్నదాన్ని మాత్రమే ఎంచుకోవాలి. లేబుల్ ఎలా వచ్చిందన్నది ఈ దశలో చూడనవసరం లేదు. ఆ తర్వాత అసలు ఫొటోను 1920×1080కి తగ్గించి, అందులోంచి లేబుల్ ముక్కను కత్తిరించి, అంచులను కొద్దిగా మెత్తబరిచి, పారదర్శక నేపథ్యం గల బొమ్మగా దాచుకోవాలి. వీడియోను అదే కొలతకు పెంచి, ఆ ముక్కను దాని చోట పెట్టాలి:

```
ffmpeg -i clip.mp4 -i label.png -filter_complex "[0:v]scale=1920:1080[v];[v][1:v]overlay=420:300" final.mp4
```

420, 300 అనేవి ఎడమ నుంచి, పై నుంచి ముక్క ఉండాల్సిన దూరాలు. ఫొటోలో కత్తిరించిన చోటే ఇక్కడా ఇస్తే సరిపోతుంది. 81 ఫ్రేముల్లోనూ లేబుల్ ఒకటే బొమ్మ కాబట్టి మినుకుమనే ప్రశ్నే ఉండదు. మోడల్ ప్యాకెట్‌ను కాస్త కదిలించి ఉంటే మాత్రం ముక్క చుట్టూ సన్నని నీడగీత కనిపించి, లేబుల్ తేలుతున్నట్టు ఉంటుంది. అప్పుడు వేరే `seed` ఎంచుకోవాలి.

ప్యాకెట్ కదలక తప్పని దృశ్యమైతే అతికింపు కూడా దానితో కదలాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో వచ్చే మోకా, ఉచితంగా దొరికే బ్లెండర్ ఈ పనికి సరిపోతాయి. అవి ప్యాకెట్ ముఖాన్ని ఒక చదునైన పలకగా పట్టుకుని, దాని నాలుగు మూలలు ఎటు పోతే లేబుల్‌ను అటు వంచుతాయి. ఇందుకోసం మొదటి ఫొటోలో లేబుల్ లేని సాదా ప్యాకెట్ వాడి, దాని మీద నాలుగు చిన్న ప్లస్ గుర్తులు వేయడం మంచిది. పూర్తిగా ఖాళీగా ఉన్న ముఖం మీద ట్రాకర్‌కు పట్టు దొరకదు. గుర్తులు ఎలాగూ లేబుల్ కింద దాగిపోతాయి. లేబుల్‌ను 'మల్టిప్లై' పద్ధతిలో కలిపితే సాదా ప్యాకెట్ మీది నీడలు దాని మీదా పడి సహజంగా కనిపిస్తుంది. తెల్ల ప్యాకెట్ అయితేనే ఇది రంగులు చెడకుండా కుదురుతుంది. వేళ్లు లేబుల్ మీదుగా వెళ్తే ఆ వేళ్లను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ విడదీసి పైన ఉంచాలి, అది గంటల పని. ప్యాకెట్ నలిగితే చదును పలక అన్న ఊహే పోతుంది. అలాంటి దృశ్యానికి ఫోన్‌తో నిజంగా షూట్ చేయడమే తక్కువ శ్రమ.

ఏది చదవగలగాలో ముందే తేల్చుకోవాలి

అతికింపుకూ ఒక హద్దుంది. 1080 పిక్సెళ్ల ఎత్తున్న వీడియోలో సగం ఎత్తున్న మన ప్యాకెట్‌కు సెంటీమీటరుకు 18 పిక్సెళ్లు వస్తాయి. పేరు 54 పిక్సెళ్లతో స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల అక్షరాలకు ఏడు పిక్సెళ్లే మిగులుతాయి, వాటిని అసలు కెమెరా కూడా సరిగ్గా చూపలేదు. బరువు, ధర, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య కొనేవారికి కనిపించాలనుకుంటే, ప్రకటన చివర రెండు సెకన్లు ప్యాకెట్ దగ్గరి ఫొటోను కదలకుండా చూపాలి.

ఇది అందం గురించిన పట్టింపు మాత్రమే కాదు. వస్తువు స్వభావం, పరిమాణం, నాణ్యత విషయంలో వినియోగదారుణ్ని తప్పుదోవ పట్టించే ప్రకటనను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనగానే చూస్తుంది. మోడల్ గీతల్లో ఒక సున్నా పెరిగి కిలో పది కిలోలైనా, 14 అంకెల లైసెన్సు సంఖ్యలో ఒక అంకె మారినా, ప్రకటన వెళ్లేది వ్యాపారి పేరు మీదే. అందుకే బయటికి పంపేముందు చివరి పరీక్షగా ఫ్రేములన్నిటినీ విడిగా తీసి, లేబుల్ తెలిసిన మనిషి చేత చదివించాలి:

```
ffmpeg -i final.mp4 frame_%03d.png
```

ఐదు సెకన్లకు 81 బొమ్మలు. ఒక్కోదాన్నీ మూడు సెకన్లు చూసినా నాలుగైదు నిమిషాల పని. వేళ్లు లెక్కపెట్టడం, పేరు చదవడం, లోగోను అసలుతో పోల్చడం ఆ వ్యవధిలో పూర్తవుతాయి. ఒక్క ఫ్రేములో అనుమానం వచ్చినా ఆ ముక్కను కత్తిరించడమో, లేబుల్‌ను మళ్లీ అతికించడమో చేయాలి. నెగటివ్ జాబితాకు ఇంకో పది మాటలు చేర్చినంత మాత్రాన ఆ అనుమానం తీరదు.